24లో మిగిలిన నాలుగు

మన కంటిలోని కణంలో ఉన్న డీఎన్‌ఏ, కాలేయంలోని కణంలో ఉన్న డీఎన్‌ఏ దాదాపు ఒకటే. అయినా కాలేయ కణం కాలేయ కణంగానే ఉంటుంది, విభజన చెందితే మళ్లీ కాలేయ కణాలే పుడతాయి. ఏ కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయి, ఏవి మూతపడి ఉన్నాయి అన్నదే ఈ తేడాకు కారణం. పిండం తొలిరోజుల్లో ఉండే కణాలకు శరీరంలో ఏ కణమైనా కాగల శక్తి ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ ఆ అవకాశాలు ఒక్కొక్కటిగా తగ్గిపోతాయి. పెద్దవాళ్ల ఎముక మజ్జలో ఉండే మూలకణం రకరకాల రక్తకణాలను పుట్టించగలదు గానీ మెదడు కణాన్ని పుట్టించలేదు. చర్మం లోపలి పొరలోని ఫైబ్రోబ్లాస్ట్ అయితే మరో ఫైబ్రోబ్లాస్ట్‌నే ఇస్తుంది.

మూతపడిన జన్యువులు పాడైపోలేదని 1962లోనే ఇంగ్లండ్‌లో జాన్ గర్డన్ చూపించారు. తోకకప్ప పేగు కణంలోని కేంద్రకాన్ని తీసి, సొంత కేంద్రకాన్ని నిర్వీర్యం చేసిన కప్ప గుడ్డులో పెడితే, వాటిలో కొన్ని తోకకప్పలుగా ఎదిగాయి. అంటే గుడ్డులో ఉన్న ఏదో పదార్థం ఆ కేంద్రకాన్ని మొదటి స్థితికి తీసుకుపోయింది. ఏమిటా పదార్థం? ఈ ప్రశ్న నలభై ఏళ్లకు పైగా అలాగే ఉండిపోయింది.

జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో షిన్యా యమనాకా, ఆయన ప్రయోగశాలలో పనిచేసిన కజుతోషి తకహాషి దీన్ని మరోవైపు నుంచి పట్టుకున్నారు. గుడ్డును పక్కన పెట్టి, పిండ మూలకణాల్లో చురుకుగా ఉండే జన్యువులను చూశారు. ఆ స్థితిని నిలబెడుతున్నవే దాన్ని పుట్టించగలవేమోనని అనుకుని 24 జన్యువులను ఎంచుకున్నారు. వీటిలో చాలావాటి నుంచి వచ్చేవి ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్లు. డీఎన్‌ఏ మీద ఒక నిర్దిష్టమైన అక్షరాల వరుసను గుర్తుపట్టి అక్కడ అతుక్కుని, పక్కనున్న జన్యువును పనిచేయించే లేదా ఆపే ప్రొటీన్లు ఇవి.

మార్పు వచ్చిందని తెలిసేదెలా? లక్షల కణాల్లో ఒకటో రెండో మారితే కంటితో వెతికి పట్టుకోలేం. అందుకు వాళ్లు చేసిన ఏర్పాటు చాలా తెలివైనది. ఎలుక పిండ మూలకణాల్లో పనిచేస్తూ చర్మకణాల్లో మూతపడి ఉండే ఎఫ్‌బీఎక్స్15 అనే జన్యువు ఉంది. దాని స్థానంలో, జీ418 అనే విషమందును తట్టుకునే శక్తినిచ్చే జన్యువును అమర్చారు. అలాంటి ఎలుకల ఫైబ్రోబ్లాస్టులకు ఆ మందు పోస్తే అన్నీ చచ్చిపోతాయి. పిండ స్థితి వైపు తిరిగిన కణంలో మాత్రం ఆ జన్యువు తెరుచుకుంటుంది కాబట్టి అది బతుకుతుంది. పళ్లెంలో బతికి గుంపు కట్టినవే సమాధానం.

రెట్రోవైరస్ సాయంతో 24 జన్యువులను ఒక్కొక్కటిగా ఎక్కించి చూస్తే ఒక్క గుంపూ రాలేదు. తకహాషి అన్నింటినీ కలిపి ఒకేసారి ఎక్కించినప్పుడు 22 గుంపులు వచ్చాయి. అయితే వీటిలో పనిచేసినవి ఏవి? రెండేసి, మూడేసి కలిపి చూసుకుంటూ పోతే వేల కలయికలు అవుతాయి. ఆయన లెక్కను తిరగేశారు. ప్రతిసారీ 24లో ఒకదాన్ని తీసేసి, మిగిలిన 23 ఎక్కించారు. ఏది లేనప్పుడు గుంపులు తగ్గాయో అది అవసరమైనది. అలా పది మిగిలాయి. ఆ పదిలో మళ్లీ ఒక్కొక్కటి తీసి చూశారు. ఆక్ట్3/4 తీసినా, కేఎల్‌ఎఫ్4 తీసినా ఏమీ రాలేదు. సాక్స్2 తీస్తే చాలా ఆలస్యంగా కొన్నే వచ్చాయి. సీ-మిక్ తీస్తే గుంపులు వచ్చాయి గానీ చదునుగా, పిండ మూలకణాల పోలిక లేకుండా ఉన్నాయి. చివరికి ఈ నాలుగే చాలని తేలింది. పిండ మూలకణాలకు అత్యవసరమని అందరూ అనుకున్న నానోగ్ ఈ నాలుగులో లేకపోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. 2006 ఆగస్టులో ఇది ప్రచురితమైంది. 2012లో గర్డన్, యమనాకాలకు కలిపి నోబెల్ ఇచ్చారు.

నాలుగు ప్రొటీన్లు లోపల ఏం చేస్తాయి? కణంలో డీఎన్‌ఏ హిస్టోన్లు అనే ప్రొటీన్ల చుట్టూ కండెకు చుట్టిన దారంలా ఉంటుంది. మూతపడిన జన్యువుల దగ్గర ఈ చుట్ట బిగుసుకుని ఉండడంతో చాలా ప్రొటీన్లు అక్కడికి చేరలేవు. ఆక్ట్, సాక్స్, కేఎల్‌ఎఫ్ మాత్రం ఆ బిగువులోనూ తమ వరుసను గుర్తించి అతుక్కోగలవు. ముందు ఫైబ్రోబ్లాస్ట్ గుణాలు ఆగిపోతాయి. పొడవుగా, విడివిడిగా తిరిగే కణాలు గుండ్రంగా మారి ఒకదాన్నొకటి అంటుకుంటాయి. మరికొన్నాళ్లకు కణం సొంత ఆక్ట్, నానోగ్ జన్యువులు తెరుచుకుంటాయి. ఆ ప్రొటీన్లు తమ జన్యువుల మీదే అతుక్కుని వాటిని పనిచేయిస్తూ ఉంటాయి కాబట్టి ఇక బయటి నుంచి వచ్చిన జన్యువుల అవసరం ఉండదు. దారి మధ్యలో ఆగిపోయే కణాలే ఎక్కువ. 2007లో 36 ఏళ్ల మహిళ ముఖ చర్మం నుంచి తీసిన కణాలతో చేసినప్పుడు, యాభై వేల కణాల నుంచి సుమారు పది గుంపులే వచ్చాయి.

పైకి మారినట్టు కనిపించడం వేరు, నిజంగా మారడం వేరు. మొదటి గుంపులను ఎలుక పిండంలో కలిపితే కొంతవరకే ఎదిగాయి, పిల్లలు పుట్టలేదు. ఎఫ్‌బీఎక్స్15కు బదులు నానోగ్ తెరుచుకున్న వాటిని ఏరితే మరుసటి ఏడాది పిల్లలు పుట్టాయి. కానీ వాటి సంతానంలో దాదాపు అయిదో వంతుకు కణితులు వచ్చాయి. వైరస్‌తో డీఎన్‌ఏలో చొరబడ్డ సీ-మిక్ మళ్లీ మేల్కొనడమే కారణం. అందుకే తర్వాత డీఎన్‌ఏలో కలవని పద్ధతులు వచ్చాయి.

వెనక్కి తిప్పిన కణాన్ని కావలసిన కణంగా ముందుకు నడిపించడం మరో సగం పని. కోబేలో మసయో తకహాషి బృందం చేసినది చూద్దాం. రెటీనా వెనుక ఉండే గోధుమరంగు కణాల పొర దెబ్బతింటే చూపు మధ్యలో మసకబారుతుంది. ఆ పొర కోసం మూలకణాలను ఆ స్థితిలో ఉంచే పోషక ద్రవాన్ని తీసేసి, వింట్, నోడల్ అనే రెండు సంకేతాలను మందులతో అణచారు. అప్పుడు ఆక్ట్, నానోగ్ తగ్గి, కంటిని తయారుచేసే ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్లు పైకి వస్తాయి. కొన్ని వారాలకు పళ్లెంలో గోధుమరంగు మచ్చలు కనిపిస్తాయి. ఆ మచ్చలోని కణాలను ఏరి పెంచితే ఆరు కోణాల కణాలు పక్కపక్కనే పరచుకుంటాయి. రంగు, ఆకారం రెండూ సరిగ్గా వచ్చాయంటే ఏ జన్యువులు తెరుచుకున్నాయో సగం తెలిసినట్టే. మారకుండా మిగిలిపోయిన ఒక్క మూలకణమైనా కణితిగా ఎదగవచ్చు కాబట్టి అసలు వెతకాల్సింది దాన్ని.

2014 సెప్టెంబరులో డెబ్బై ఏళ్లు దాటిన ఒక మహిళకు, ఆమె చర్మం నుంచే తయారైన అలాంటి పొరను కంటిలో అమర్చారు. ఏడాది తర్వాత కణితి లేదు, శరీరం దాన్ని తిరస్కరించలేదు, చూపు మెరుగుపడలేదు గానీ దిగజారనూ లేదు. రెండో రోగి కోసం సిద్ధం చేసిన కణాల డీఎన్‌ఏలో మార్పులు కనిపించడంతో 2015లో ఆపేశారు. అవి కణితికి దారితీస్తాయని రుజువు కాలేదు, అయినా ఆగారు. ఒక్కొక్కరికీ విడిగా కణాలు తయారుచేసి పరీక్షించడానికి పట్టే కాలమూ ఖర్చూ భారమయ్యాయి. 2017 మార్చిలో మళ్లీ మొదలుపెట్టినప్పుడు రోగి చర్మానికి బదులు, ముందే పరీక్షించి దాచిన వేరొక దాత మూలకణాలతో చేసిన కణాలను, పొరగా కాకుండా ద్రవంలో కలిపి వాడారు.