టీవీలో దీపం చుట్టూ వరదగుడి

పోయిన సంక్రాంతికి మా బావగారు 55 అంగుళాల టీవీ కొన్నారు. పండగ రాత్రి పిల్లలంతా చాపలు పరుచుకుని కూర్చున్నాక హాల్లో లైట్లు ఆర్పి ఒక మలయాళం సినిమా పెట్టాం. మొదటి సీన్లోనే చీకటి గది, మూలన ఒక్క నూనె దీపం. ఆ దీపం చుట్టూ, వాన ముందు చంద్రుడికి వరదగుడి కట్టినట్టు, నీలం కలిసిన తెల్లటి మసక ఒకటి కనిపించింది. కింద సబ్‌టైటిల్ పడ్డప్పుడల్లా అక్షరాల చుట్టూ పాలపొగ లాంటిది వచ్చేది. అక్షరాలతో పాటే పోయేది.

బావగారి మొహం వాడిపోయింది. వెంటనే షాపు అతనికి ఫోన్ చేశారు. అతను "సెట్టింగుల్లోకి వెళ్లి Local Dimming ఆపేయండి సార్, పోతుంది" అన్నాడు. ఆపేశారు. నిజంగానే పోయింది.

"చూశావా, బాగైపోయింది" అన్నారు నాతో.

"బావగారూ, ఒక్కసారి సినిమాకు పైనా కిందా ఉన్న నల్ల పట్టీలు చూడండి" అన్నాను. అప్పటిదాకా నల్లగా ఉన్న పట్టీలు బూడిద రంగుకు వచ్చేశాయి. చీకటి గది కూడా బూడిద గదే అయింది. దీపం చుట్టూ ఉన్న మసక ఎక్కడికీ పోలేదు. తెరంతా పరుచుకుంది కాబట్టి విడిగా కనబడటం మానేసింది, అంతే.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే ఎల్‌సీడీ టీవీ లోపల ఏముందో చూడాలి. అమ్మేవాళ్లు ఎల్‌ఈడీ టీవీ, క్యూఎల్‌ఈడీ టీవీ అని పిలిచేవన్నీ దాదాపు ఈ కోవలోవే. 4కే తెరలో అడ్డంగా 3840, నిలువుగా 2160, మొత్తం 82,94,400 పిక్సెళ్లు ఉంటాయి. వీటిలో ఏ ఒక్కదానికీ సొంత వెలుగు లేదు. ఒక్కొక్కటీ ఒక చిన్న కిటికీ తలుపు లాంటిది. వెలుగంతా వెనక ఉన్న ఎల్‌ఈడీ దీపాలది, అంటే బ్యాక్‌లైట్‌ది. తెలుపు కావాలంటే తలుపు తెరుచుకుంటుంది, నలుపు కావాలంటే మూసుకుంటుంది.

చిక్కల్లా ఆ తలుపు పూర్తిగా మూసుకోకపోవడమే. టీవీ ప్యానెళ్లలో వీఏ రకం మంచిదైతే తనమీద పడ్డ వెలుగులో సుమారు ఐదువేల వంతు బయటికి వదులుతుంది. ఐపీఎస్ రకం దాదాపు వెయ్యో వంతు వదులుతుంది. తెర వెలుగును నిట్లలో కొలుస్తారు. తెరిచిన తలుపు నుంచి 500 నిట్ల వెలుగు వస్తున్న చోట, మూసిన తలుపు నుంచి వీఏలో 0.1 నిట్, ఐపీఎస్‌లో 0.5 నిట్ కారుతుంది. పగలు ఇది కంటికి ఆనదు. లైట్లు ఆర్పిన గదిలో పది నిమిషాలు కూర్చుంటే 0.1 కూడా కనిపిస్తుంది, 0.5 అయితే బూడిద రంగే.

అందుకని వెనక దీపాలన్నీ ఒకే స్విచ్చుకు కట్టకుండా గుంపులుగా విడదీశారు. ఒక్కో గుంపు ఒక జోన్. బొమ్మ నల్లగా ఉన్నచోట ఆ జోన్ దీపాలు తగ్గుతాయి, లేదా ఆరిపోతాయి. దీపమే ఆరితే తలుపు సందులోంచి కారడానికేమీ ఉండదు. లోకల్ డిమ్మింగ్ అంటే ఇదే.

లెక్క తేలిగ్గా ఉండటానికి మన 55 అంగుళాల టీవీలో అడ్డంగా 32, నిలువుగా 18, మొత్తం 576 జోన్లు ఉన్నాయనుకుందాం. మినీ ఎల్‌ఈడీ టీవీల్లో ఇది అసాధ్యమైన అంకె కాదు. అప్పుడు ఒక్కో జోన్ 3.8 సెంటీమీటర్ల చదరం, ఓ నిమ్మకాయంత. దానిమీద 14,400 పిక్సెళ్లుంటాయి. అన్నిటికీ వెనక ఒకటే వెలుగు. మన నూనె దీపం జ్వాల ఒక సెంటీమీటరే. దాన్ని చూపించాలంటే నిమ్మకాయంత చోటంతా వెలగాలి. జ్వాల చుట్టూ ఉన్న పిక్సెళ్లు గట్టిగా మూసుకున్నా, వాటి సందుల్లోంచి ఆ వెలుగు కారుతుంది. పైగా జోన్ల హద్దులు చదరాలుగా కనబడకూడదని, దీపాలకూ ప్యానెల్‌కూ మధ్య వెలుగును పరిచే పలుచని షీట్లు వేస్తారు. వాటివల్ల వెలుగు పక్క జోన్లలోకి కూడా పాకుతుంది. ఈ కారిన వెలుగే బ్లూమింగ్. సబ్‌టైటిల్ అయితే 60 సెంటీమీటర్ల పొడవున్న తెల్లటి వాక్యం. దాని వెనక ఒక వరుసలోనే 16 జోన్లు ఒక్కసారిగా వెలుగుతాయి. పాలపొగ అక్కడిదే.

సినిమా పట్టీల దగ్గర ఇదే లెక్క ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. స్కోప్ సినిమా 2.39కి 1 వెడల్పుది, మన తెర 16కి 9. అందుకని పైనా కిందా చెరో 8.8 సెంటీమీటర్ల పట్టీ మిగులుతుంది. జోన్ల పైరెండు వరుసలు పూర్తిగా పట్టీలోనే ఉన్నాయి కాబట్టి హాయిగా ఆరిపోతాయి. మూడో వరుస మాత్రం కొంత పట్టీలో, కొంత బొమ్మలో పడుతుంది. బొమ్మలో ఆకాశం ఉంటే ఆ వరుస వెలగక తప్పదు. అప్పుడు పట్టీ అంచున వేలెడు వెడల్పుకు తక్కువగా ఒక బూడిద గీత కనబడుతుంది. చాలామంది దీన్ని ప్యానెల్ లోపమనుకుంటారు. అది రెండు కొలతలు ఒకదానితో ఒకటి కలవకపోవడం మాత్రమే.

అయితే నిజమైన లోపాన్ని ఎలా గుర్తుపట్టాలి? బ్లూమింగ్ వెలుగుతో పాటు కదులుతుంది. పూర్తి నలుపు సీన్‌లో వాల్యూమ్ నొక్కితే ఆ గీత చుట్టూ మసక వస్తుంది, గీత పోగానే పోతుంది. అలా కాకుండా తెర మూలనో అంచునో ఒకే చోట, బొమ్మ ఏదైనా సరే, మరక అంటుకున్నట్టు వెలుగుంటే అది బ్యాక్‌లైట్ లీకేజీ. మరీ ఎక్కువైతే వారంటీలో అడగాల్సింది దాని గురించి. ఇంకో పరీక్ష మన కంటికి. మసక కనబడుతున్నప్పుడు తెరకు అడ్డంగా వేలు పెట్టి దీపం జ్వాలను మాత్రమే మూయండి. మసక ఇంకా ఉంటే అది టీవీది. జ్వాలతో పాటే మాయమైతే అది కంటిలోపల వెలుగు చెదరడం వల్ల వచ్చింది, ఏ సెట్టింగూ దాన్ని తీయలేదు. ఫోన్‌తో ఫొటో తీసి తీర్పు చెప్పుకోవద్దు. చీకట్లో ఫోన్ కెమెరా ఉన్న మసకను రెట్టింపు చేసి చూపిస్తుంది.

ఇక సరిచేసే పని. దీనికి ఒక వరుస ఉంది. మొదట నలుపు సరిగ్గా ఉందో లేదో చూడాలి. ఎందుకంటే టీవీకి నలుపు బదులు ముదురు బూడిద అందితే ఏ జోనూ ఆరదు. ఇక్కడ పేర్ల గందరగోళం ఉంది. కొన్ని టీవీల్లో Brightness అంటే నలుపు స్థాయి, కొన్నిట్లో వెనక దీపాల వెలుగు. తెలుసుకోవడానికి దాన్ని బాగా తగ్గించి చూడండి. తెల్లచొక్కా మసకబారితే అది దీపాలది. చొక్కా అలాగే ఉండి జుట్టు వెంట్రుకలు నల్లముద్దగా కలిసిపోతే అది నలుపుది. నలుపు స్థాయిని కంపెనీ పెట్టి పంపిన అంకె దగ్గరే ఉంచడం చాలా టీవీల్లో సరైనది. సెట్‌టాప్ బాక్స్ వాడేవాళ్లు టీవీలో HDMI Black Level లేదా HDMI video range అనే పేరుతో ఉన్నదాన్ని Auto మీద పెట్టాలి. బాక్సు ఒక పద్ధతిలో పంపి టీవీ ఇంకో పద్ధతిలో చదివితే నలుపంతా బూడిదైపోతుంది.

రెండోది వెనక దీపాల వెలుగు. కొన్ని కొత్త టీవీలు Vivid లాంటి షాపు మోడ్‌లో, దీపాలు నిండుగా వెలుగుతూ ఇంటికొస్తాయి. రాత్రి మామూలు ప్రసారాలకు అంత అక్కర్లేదు. సినిమా మోడ్ పెట్టి, కళ్లకు హాయిగా ఉండేదాకా దీపాలను తగ్గించాలి. వెలుగు సగమైతే కారేదీ సగమవుతుంది. హెచ్‌డీఆర్ సినిమాలకు మాత్రం దీన్ని తగ్గించకూడదు. అక్కడ ఏ మెరుపు ఎంత ఉండాలో సినిమాలోనే రాసి ఉంటుంది, టీవీకి ఉన్న బలమంతా కావాలి.

మూడోది లోకల్ డిమ్మింగ్. Off ఎప్పుడూ జవాబు కాదని బావగారి పట్టీలే చెప్పాయి. Low, Medium, High అని ఉంటే ఎంచుకోవాల్సింది రెండు నష్టాల మధ్య. జోన్లను గట్టిగా ఆర్పితే నలుపు చిక్కనవుతుంది కానీ, చీకటి ఆకాశంలో ఒంటరి నక్షత్రాలు మాయమవుతాయి, నల్ల కంబళి మడతలు కనబడవు. మెల్లగా ఆర్పితే నక్షత్రాలుంటాయి, వాటి చుట్టూ మసకా ఉంటుంది. నక్షత్రాలున్న ఒక సీన్, సబ్‌టైటిల్ ఉన్న ఒక చీకటి సీన్ ఆపి పెట్టుకుని మూడు స్థాయుల్లోనూ చూడండి. హెచ్‌డీఆర్‌కు చాలా టీవీల్లో High బాగుంటుంది. మామూలు ప్రసారాలకు Medium చాలు. Dynamic Contrast వేరే పని చేస్తూ దీనికి అడ్డొస్తుంది కాబట్టి దాన్ని ఆపేయొచ్చు.

చివరిది టీవీ బయట ఉంది. ఎల్‌సీడీ తలుపులు ఎదురుగా చూసినప్పుడు బాగా మూసుకున్నట్టుంటాయి, పక్కనుంచి చూస్తే సందులు పెరుగుతాయి. బావగారు గోడవార పడక్కుర్చీలో కూర్చుని ఏటవాలుగా చూస్తున్నారు. కుర్చీని తెరకు ఎదురుగా జరిపాం. టీవీ వెనక గోడమీద పడేలా చిన్న తెల్లటి దీపం పెట్టాం. గదిలో ఆ కాస్త వెలుగుంటే కంటికి 0.1 నిట్ విడిగా ఆనదు. సబ్‌టైటిల్ రంగును యాప్‌లో తెలుపు నుంచి బూడిదకు మార్చాం. అక్షరాలు శుభ్రంగా చదవడానికి వస్తున్నాయి, పాలపొగ చాలావరకు తగ్గింది.

వీటన్నిటి తర్వాతా దీపం చుట్టూ పలుచటి మసక మిగిలింది. అది పోదు. ఆ జ్వాల వెనక నిమ్మకాయంత చోటు వెలుగుతోంది కాబట్టి. జోన్లు పెరిగేకొద్దీ ఆ చోటు చిన్నదవుతుంది. అంచు దీపాల టీవీల్లో జోన్లు నిలువు పట్టీల్లా ఉంటాయి కాబట్టి ఒక్క జ్వాలకు పైనుంచి కిందిదాకా ఒక స్తంభమే వెలగొచ్చు. ఓఎల్‌ఈడీలో ప్రతి పిక్సెలూ తనకు తానే దీపం కాబట్టి ఈ మాటే రాదు. కొనేటప్పుడు ఎన్ని జోన్లు, ప్యానెల్ వీఏనా ఐపీఎస్సా అని ఈ రెండే అడిగితే చీకటి సీన్ ఎలా ఉంటుందో షాపులోనే సగం తెలిసిపోతుంది.

అన్నీ అయ్యాక సినిమా మళ్లీ మొదటినుంచి పెట్టారు బావగారు. దీపం సీన్ వచ్చింది. ముందుకు వంగి, వేలు అడ్డం పెట్టి జ్వాలను మూసి చూసుకున్నారు. మసక ఉంది. "ఇది టీవీదే" అని వేలు తీసేసి, వెనక్కి ఆనుకుని సినిమా చూడటం మొదలుపెట్టారు.