సూది పొట్టిదైన కథ

1922 జనవరి 11న కెనడాలోని టొరంటో జనరల్ ఆసుపత్రిలో లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రవాడికి తొలి ఇన్సులిన్ ఇచ్చారు. చక్కెర కొద్దిగానే దిగింది. పైగా సూది గుచ్చిన ఒక చోట గడ్డ లేచింది. మందులో మలినాలు ఉన్నాయి మరి! జేమ్స్ కాలిప్ శుద్ధి చేసిన మందు అదే నెల 23న ఇచ్చాక గాని కుర్రవాడు కోలుకోలేదు. ఇన్సులిన్‌కీ గడ్డకీ ఉన్న చుట్టరికం అంత పాతది. మందు ఇప్పుడు శుద్ధంగానే వస్తోంది. నేటి గడ్డలకు కారణం వేరు.

ఆనాటి సూది ఉక్కుది, లావుది, పొడుగుది. గాజు సిరంజితో పాటు రోజూ నీళ్లలో మరిగించాలి, మొన మొద్దుబారితే సానరాయి మీద పదును పెట్టుకోవాలి. 1985లో డెన్మార్క్‌కు చెందిన నోవో కంపెనీ ఇన్సులిన్ పెన్నును తెచ్చింది. పెన్ను వచ్చినా సూది వెంటనే పొట్టిదైపోలేదు. 12.7 మిల్లీమీటర్ల నుంచి 8కి, 5కి దిగుతూ, 2010 నాటికి 4 మిల్లీమీటర్ల దగ్గర ఆగింది.

అక్కడే ఎందుకు ఆగింది? మన చర్మం మందం సూది వేసుకునే చోట్ల సుమారు 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు. మనిషి లావైనా సన్నమైనా ఇందులో పెద్ద తేడా ఉండదు. లావు పెరిగితే పెరిగేది చర్మం కింది కొవ్వు పొర. ఇన్సులిన్ చేరాల్సింది ఆ పొరలోకే. దాన్ని దాటి కండలో పడితే మందు త్వరగా, అంచనాకు అందకుండా రక్తంలో కలుస్తుంది, చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. కాబట్టి "నేను లావుగా ఉన్నాను, నాకు పొడుగు సూది కావాలి" అనడంలో అర్థం లేదు. 4 మిల్లీమీటర్ల సూదిని నిటారుగా గుచ్చితే పెద్దవాళ్లలో చాలామందికి సరిపోతుంది. చిన్నపిల్లలకూ బక్కపలచని వాళ్లకూ, సిరంజికి ఉండే పొడుగు సూది వాడేవాళ్లకూ మాత్రం చర్మాన్ని మడత పట్టాలి. బొటనవేలు, చూపుడువేలుతో పడితే చాలు. గుప్పెడు పట్టుకుంటే కింది కండ కూడా పైకి వస్తుంది.

ఇక గడ్డల సంగతి. ఇన్సులిన్‌కు కొవ్వు కణాలను పెంచే గుణం ఉంది. ఒకే చోట మందు పడుతూ ఉంటే, అదీ వాడిన సూదే మళ్లీ మళ్లీ గుచ్చుతుంటే, అక్కడి కణాలు ఉబ్బి రబ్బరులా గట్టిపడతాయి. చిత్రమేమిటంటే అక్కడ నొప్పి తక్కువ. అందుకే చెయ్యి తెలియకుండా అక్కడికే పోతుంది.

మా మేనత్త కథ అదే. ఎనిమిదేళ్లుగా బొడ్డుకు రెండు పక్కలా రెండే చోట్లు. "అక్కడైతే చీమ కుట్టినట్టు కూడా ఉండదురా" అనేది. పరగడుపు చక్కెర ఒకరోజు 110, మర్నాడు 240. అన్నం మానింది, మోతాదు పెంచుకుంది, ఫలితం లేదు. చివరికి డాక్టరు ఆమెను పడుకోబెట్టి వేళ్లతో తడిమితే నిమ్మకాయంత గడ్డలు రెండు తగిలాయి. గడ్డలోంచి మందు కొన్నాళ్లు సగం అందుతుంది, కొన్నాళ్లు పూర్తిగా. చోటు మార్చమన్నారు గానీ, ముందు 30 యూనిట్లను 24కి తగ్గించారు. మంచి చర్మంలో అదే 30 వేస్తే మందంతా ఒక్కసారి పనిచేసి చక్కెర పడిపోయేది. కొన్ని నెలలకు గడ్డలు మెత్తబడ్డాయి.

ఆ డాక్టరు అత్తకు పొట్ట మీద పటం గీసి ఇచ్చారు. బొడ్డు చుట్టూ రెండు వేళ్ల మేర వదిలేసి, మిగతా పొట్టను నాలుగు భాగాలు చేశారు. వారానికి ఒక భాగం. అందులో ఏ రోజుకారోజు నిన్నటి చుక్కకు ఒక వేలు వెడల్పు దూరం జరగాలి. తొడ, పిరుదు, పై చెయ్యి కూడా పనికొస్తాయి గానీ, మందు కలిసే వేగం చోటును బట్టి మారుతుంది. అందుకే పూటకో అవయవం కాకుండా పొద్దుటి మందుకు పొట్ట, రాత్రి మందుకు తొడ అని వేళను బట్టి పెట్టుకోవడం మేలు.

పెన్నుకు కొత్త సూది తొడిగి, రెండు యూనిట్లు గాలిలోకి నొక్కి, మొన దగ్గర చుక్క వచ్చిందో లేదో చూడాలి. గుచ్చి, మీట పూర్తిగా నొక్కాక 10 లెక్కపెట్టి తీయాలి. తొందరగా తీస్తే మందు చర్మం మీదకే కారుతుంది. గుచ్చిన చోట రుద్దకూడదు. సూదిని పెన్నుకే వదిలేస్తే గాలి లోపలికి పోతుంది, మందు బయటకు కారుతుంది. తీసి గట్టి డబ్బాలో వేయాలి. సూది ఖర్చని నాలుగైదు రోజులు అదే వాడేవాళ్లు మన ఇళ్లలో ఎందరో. ఆ పొదుపు గడ్డ రూపంలో తిరిగొస్తుంది, వృథా అయ్యే ఇన్సులిన్ సూది కన్నా ఖరీదు.

మీ ఇంట్లో ఇన్సులిన్ వాడేవాళ్లుంటే, వాళ్లు వేసుకునే చోటును ఈ రోజే వేళ్లతో నెమ్మదిగా తడిమి చూడమనండి. గట్టిగా ఏదైనా తగిలితే డాక్టరుకు చూపించి, మోతాదు అడిగాకే చోటు మార్చమనండి.