రేటింగు ఇచ్చేది ఎవరు?

హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేసే అమ్మాయి సంగతి ఇది. అక్టోబరులో రెండు టీములను కలిపేశారు. పాత మేనేజరు వేరే ప్రాజెక్టుకు వెళ్లిపోయారు. కొత్త మేనేజరు పని చెబుతున్నారు, పుణెలో ఉన్న లీడ్ కూడా చెబుతున్నారు. సంక్రాంతికి సెలవు పెడితే అది కదల్లేదు. పోర్టల్‌లో రిపోర్టింగ్ మేనేజర్ అన్నచోట ఇంకా పాత పేరే ఉంది.

సెలవు ఫోన్‌తో తేలిపోయింది. అసలు చిక్కు అప్రైజల్ దగ్గర వస్తుంది. చాలా కంపెనీల్లో ఆ ఫారం పోర్టల్‌లో ఎవరి పేరుంటే వారికే వెళుతుంది. అంటే ఆర్నెల్లుగా ఆమె పని చూడని మనిషి రేటింగు ఇవ్వాలి. చూసిన మనిషికి ఆ ఫారమే కనిపించదు.

ఇలాంటప్పుడు "నా రోల్ ఏంటి సర్?" అని అడిగితే "త్వరలో క్లారిటీ వస్తుంది" అన్న జవాబే వస్తుంది. ఆమె అలా అడగలేదు. రెండు వారాల్లో చేసిన పనులన్నీ ఒక కాగితం మీద రాసి, పక్కనే చెప్పినవారి పేరు వేసుకుంది. మొత్తం పదకొండు. మేనేజరు చెప్పినవి ఐదు, పుణె నుంచి వచ్చినవి నాలుగు. మిగతా రెండూ పాత రిలీజ్ పనులు. వాటిని ఎవరూ అడగకపోయినా అలవాటుగా చేస్తూనే ఉంది.

ఆ కాగితంతో ఇరవై నిమిషాలు టైమ్ అడిగి కూర్చుంది. "ఈసారి నా రేటింగు మీరే ఇస్తారా సర్? మీ పని, పుణె పని ఒకే రోజు పడితే ఏది ముందు? ఈ పాత రెండూ ఎవరికి అప్పజెప్పాలి?"

రెండో ప్రశ్నకు, మూడో ప్రశ్నకు వెంటనే జవాబు దొరికింది. మొదటిది ఆయనకే తెలియదు. ఇది మామూలే, ఎందుకంటే టీములను మార్చే నిర్ణయం తరచూ పైన జరుగుతుంది. అక్కడ ఊరుకోకూడదు. "ఎప్పటికల్లా తెలుస్తుంది? అప్పటిదాకా మీకే రిపోర్ట్ చేస్తున్నట్టు అనుకోనా?" అని ఆమె అడిగింది. ఆయన వచ్చే శుక్రవారం అన్నారు.

సాయంత్రమే చిన్న మెయిల్ పెట్టింది: "సర్, ఈరోజు మనం అనుకున్నవి ఇవీ. పొరపాటుంటే చెప్పండి." కింద మూడు వాక్యాలు, శుక్రవారం తేదీ. నోటిమాటగా ఒప్పుకున్నది మూడు నెలల తర్వాత ఎవరికీ ఒకేలా గుర్తుండదు కాబట్టి ఈ మెయిల్ తప్పనిసరి అంటాను.

ఇంకో పని చాలామంది మర్చిపోతారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా చేసిన పనిని చూసింది పాత మేనేజరే. ఆయన్ను అడిగి నాలుగు వాక్యాలు రాయించి, కొత్తాయనకు పంపించింది.

శుక్రవారం "అవును, నేనే" అన్నారు. కానీ పోర్టల్‌లో పేరు మారలేదు. హెచ్‌ఆర్‌ను అడిగితే రిక్వెస్ట్ మేనేజరే పెట్టాలన్నారు. సోమవారం ఆయన పక్కన నిలబడి పెట్టించింది.