గడువు తేదీ ఎవరి క్యాలెండర్‌లోది?

గూడూరు పక్కన చిల్లకూరులో ఇంటి నుంచి పనిచేసే ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని ఊహించుకుందాం. ఆమె జట్టులో ఒకరు టోక్యోలో, మరొకరు అమెరికాలోని డాలస్‌లో ఉంటారు. 2026 సెప్టెంబర్ 10, గురువారం నాడు ముగ్గురికీ కలిపి ఒక పని వచ్చింది. చిల్లకూరులో ప్రోగ్రామ్ రాయడానికి మూడు పనిదినాలు, టోక్యోలో పరీక్షించడానికి రెండు, డాలస్‌లో తుది ఆమోదానికి మూడు పడతాయి. అంటే మొత్తం ఎనిమిది పనిదినాలు. పని అందిన రోజు లెక్కలోకి రాదని, ఆ మరుసటి రోజే మొదటి రోజని ముందే అనుకున్నారు. మరి పని ఏ తేదీకి పూర్తవుతుంది?

శని, ఆదివారాలు మాత్రమే వదిలేసి లెక్కిస్తే సెప్టెంబర్ 22 వస్తుంది. మేనేజర్లు సాధారణంగా చెప్పే తేదీ ఇదే, కానీ ఇది తప్పు. ఎందుకంటే 14వ తేదీ సోమవారం వినాయక చవితి. ఇక జపాన్‌లో 21 వృద్ధుల గౌరవ దినం, 23 శరద్విషువత్తు. రెండు జాతీయ సెలవుల మధ్య ఒక్క రోజే చిక్కుకుంటే దాన్నీ సెలవు చేయాలని జపాన్ చట్టంలో ఉంది. అందువల్ల 22 కూడా సెలవే. ముందున్న శని, ఆదివారాలు కలుపుకుంటే టోక్యోలో వరసగా ఐదు రోజులు ఎవరూ పనిలో ఉండరు.

ఇది తెలిసిన జాగ్రత్తపరుడు ఇంకోలా లెక్కిస్తాడు. మూడు దేశాల సెలవులనూ ఒకే జాబితాలో పోసి, ఎవరికి సెలవైనా అందరికీ సెలవే అనుకుంటాడు. అప్పుడు 28 వస్తుంది. ఇది భద్రంగా కనిపిస్తుంది గానీ, వినాయక చవితి నాడు డాలస్ మనిషిని, విషువత్తు నాడు చిల్లకూరు మనిషిని కాగితం మీద ఖాళీగా కూర్చోబెట్టినట్టే. దేశాలు పెరిగేకొద్దీ ఈ పద్ధతి మరీ వికటిస్తుంది. కువైట్‌లో వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. అక్కడి మనిషిని ఒకరిని జట్టులో చేర్చుకుంటే అందరికీ ఉమ్మడి పనిదినాలు వారానికి సోమవారం నుంచి గురువారం వరకు నాలుగే మిగులుతాయి.

సరైన పద్ధతి ఏమిటంటే, పని ఎవరి చేతిలో ఉందో ఆ రోజులను వారి క్యాలెండర్‌తోనే లెక్కించడం. చిల్లకూరులో 11 శుక్రవారం ఒకటో రోజు, చవితి పోగా 15 రెండు, 16 మూడు. టోక్యోలో 17, 18. డాలస్‌లో 21, 22, 23. జపాన్ సెలవుల్లో ఉన్న ఆ మూడు రోజులూ అమెరికాలో మామూలు పనిదినాలే కాబట్టి పని ఆగదు. జవాబు సెప్టెంబర్ 23.

ఈ సూత్రం మన తీరంలోని రొయ్యల ఎగుమతిదారులకు కొత్తేమీ కాదు. లెటర్ ఆఫ్ క్రెడిట్ మీద సరుకు పంపినప్పుడు పత్రాలను పరిశీలించడానికి బ్యాంకుకు గరిష్ఠంగా ఐదు బ్యాంకింగ్ దినాలు ఉంటాయి. 2007 జులై నుంచి అమల్లో ఉన్న యూసీపీ 600 నియమావళి చెప్పే మాట ఇది. బ్యాంకింగ్ దినం అంటే ఏమిటో కూడా అందులోనే ఉంది: ఆ పని ఎక్కడ జరగాలో అక్కడ బ్యాంకు మామూలుగా తెరిచి ఉండే రోజు. టోక్యో బ్యాంకుకు పత్రాలు ఏప్రిల్ చివర చేరితే, మే మొదటి వారంలోని జపాన్ సెలవులన్నీ పోయాకే ఐదు రోజులు నిండుతాయి. పంపినవాడి ఊళ్లో ఆ రోజుల్లో బ్యాంకు తెరిచే ఉంది కదా అంటే కుదరదు.

ఇప్పుడు అసలు చిక్కు. చిల్లకూరులో ఒక్క రోజు ఆలస్యమై, పని 16కి బదులు 17న పూర్తయిందనుకోండి. టోక్యోకు 18వ తేదీ మొదటి రోజు అవుతుంది. రెండో రోజు సెలవులన్నీ దాటి 24న వస్తుంది. డాలస్‌లో 25, 28, 29. ఒక్క రోజు జారినందుకు గడువు 23 నుంచి 29కి పోయింది. అందుకే తుది తేదీ ఒక్కటే చెబితే సరిపోదు, ఏ రోజు దాటితే దెబ్బ పెద్దదవుతుందో కూడా చెప్పాలి. ఇక్కడ ఆ రోజు సెప్టెంబర్ 16. జట్టు గోడ మీద రాసుకోవలసిన తేదీ 23 కాదు, ఇది.

ఎక్సెల్‌లో ఈ లెక్కకు మూడు వరసలు చాలు. A2లో పని అందిన తేదీ ఉంచి, ఒక్కో దేశం సెలవులకు ఒక్కో పేరున్న జాబితా పెట్టుకోవాలి.

```
B2: =WORKDAY.INTL(A2,3,1,HOL_IN)
C2: =WORKDAY.INTL(B2,2,1,HOL_JP)
D2: =WORKDAY.INTL(C2,3,1,HOL_US)
```

మూడో స్థానంలో ఉన్న 1 అంటే వారాంతం శని, ఆదివారాలని అర్థం. కువైట్ వాళ్లకైతే అక్కడ 7 రాయాలి. మన బ్యాంకుల రెండో, నాలుగో శనివారాల సెలవుకు మాత్రం తయారు అంకె లేదు. ఆదివారం ఒక్కటే సెలవని చెప్పే 11 వాడి, ఆ శనివారాల తేదీలను సెలవుల జాబితాలో విడిగా రాసుకోవాలి.

ఈ ఫార్ములా మొదలైన రోజును లెక్కలోకి తీసుకోదు. దాని తోబుట్టువు `NETWORKDAYS.INTL` మాత్రం రెండు కొసలనూ కలుపుకుంటుంది. 10 నుంచి 16 వరకు ఎన్ని పనిదినాలని దాన్ని అడిగితే, చవితి తీసేసినా నాలుగంటుంది. ఒకటి సరిచూడటానికి రెండోదాన్ని వాడి, ఫార్ములా తప్పని గొడవపడేవాళ్లు చాలామంది.

ఇంతకన్నా ప్రమాదం చప్పుడు చేయని తప్పుతో. గాంధీ జయంతిని మన అలవాటులో 02/10/2026 అని కొడితే, అమెరికా అమరికలో ఉన్న కంప్యూటర్ దాన్ని ఫిబ్రవరి 10గా తీసుకుంటుంది. ఎర్ర గుర్తు ఏదీ రాదు. అక్టోబర్ 2 పనిదినంగా లెక్కలో మిగిలిపోతుంది. దీన్ని పట్టుకోవాలంటే సెలవుల జాబితా పక్కన `=TEXT(F2,"ddd dd-mmm")` అని ఒక వరస పెట్టి వారం పేరు కనబడేలా చేయాలి. 2026లో గాంధీ జయంతి శుక్రవారం వస్తుంది. పక్కన Tue అని కనిపించిందంటే తేదీ తారుమారైందన్నమాట.

కాల మండలాల సంగతి కూడా ఒక మాట. టోక్యోలో శుక్రవారం సాయంత్రం ఆరింటికి పని అప్పగిస్తే డాలస్‌లో అప్పటికి శుక్రవారం తెల్లవారుజామున నాలుగే. ఆ శుక్రవారం పూర్తిగా వాళ్ల చేతిలో ఉంది. అందిన రోజు లెక్కకు రాదన్న నియమం వల్ల పై లెక్కలో దాన్ని వదిలేశాం. కలుపుకోవాలనుకుంటే గడువు 22కి వస్తుంది. రెండింటిలో ఏదైనా ఫరవాలేదు, పని మొదలవక ముందే తేల్చుకోవాలి, అంతే.

గడువు సెలవు రోజున పడితే ముందుకు జరపాలా, వెనక్కా అన్నది కూడా ఇలాగే మొదటే అనుకోవాలి. మన చట్టాలే రెండు దారులూ చూపుతాయి. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం ప్రకారం ఆఖరి రోజున కార్యాలయం మూసి ఉంటే, తెరిచిన మరుసటి రోజు పని చేసినా చెల్లుతుంది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం ప్రకారం బిల్లు గడువు సెలవు నాడు తీరితే దానికి ముందరి పనిదినానే డబ్బు కట్టాలి.

ఇంత చేసినా సెలవుల జాబితా ఒకసారి రాసి వదిలేసేది కాదు. రంజాన్ తేదీ నెలవంకను బట్టి ఆఖరి క్షణంలో మారవచ్చు. జపాన్ విషువత్తు సెలవును ఖగోళ లెక్కల ఆధారంగా నిర్ణయించి, అంతకుముందు సంవత్సరం ఫిబ్రవరిలోనే అధికారికంగా ప్రకటిస్తారు. మన రాష్ట్ర ప్రభుత్వం కూడా ఏటేటా కొత్త జాబితా ఇస్తుంది. కాబట్టి జాబితా పక్కన అది ఏ సంవత్సరానిదో, ఎప్పుడు సరిచూశారో రాసిపెట్టుకోండి. గడువు చెప్పేటప్పుడు “ఎనిమిది పనిదినాలు” అని వదిలేయకుండా తేదీ, గంట, ఊరు మూడూ రాయండి: సెప్టెంబర్ 23 బుధవారం, సాయంత్రం 5 గంటలు, డాలస్ సమయం.