తంబురా తీగలో సా ఎక్కడుంది?

బాగా శ్రుతి కలిపిన తంబురా దగ్గర కూర్చుని, ఒక్క సా తీగనే మీటుతూ వినండి. ముందు సా వినిపిస్తుంది. ఆ వెనకే పంచమం తోస్తుంది. ఇంకాస్త చెవి పెడితే, ఎవరూ మీటని గాంధారం కూడా పలుకుతుంది. సంగీతం నేర్చుకునేవాళ్లు దాన్ని స్వయంభూ గాంధారం అంటారు. వినేవాళ్లకు ఇది ఆనందమే కానీ, తీగ శ్రుతి ఎంతుందో కొలిచి చూపే చిన్న ట్యూనర్ రాయాలనుకునేవాళ్లకు ఇక్కడే చిక్కు మొదలవుతుంది.

అయిదున్నర శ్రుతికి కలిపిన సా తీగ సెకనుకు 207.65 సార్లు కంపిస్తుంది. ఆ తీగలోనే దీనికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు, అయిదింతల కంపనాలు కూడా ఒకేసారి నడుస్తుంటాయి. వీటినే హార్మోనిక్‌లు అంటారు. రెట్టింపు 415.30 హెర్ట్జ్, అంటే పై స్థాయి సా. మూడింతలు 622.95, అది పై పంచమం. అయిదింతలు 1038.25, అదే మనం విన్న గాంధారం. ఏ తీగలోనైనా ఇవి ఉంటాయి, అయితే తంబురాలో విపరీతంగా ఉంటాయి. తీగ ఆనే మెట్టు వంపుగా ఉండడం, తీగకూ మెట్టుకూ మధ్య జీవాళి అనే నూలుపోగు దూర్చడం ఇందుకు కారణాలు. తీగను ఎక్కడ మీటితే ఒక హార్మోనిక్ పుట్టకూడదని సూత్రం చెబుతుందో, సరిగ్గా అక్కడే మీటినా తంబురాలో అది గట్టిగా వినిపిస్తుందని సి.వి. రామన్ 1921లో ప్రచురించిన పరిశోధనలో చూపారు. అందుకే తంబురా నాదంలో అసలు సా కంటే దాని మీది హార్మోనిక్‌లే బలంగా ఉండడం మామూలు.

ట్యూనర్ రాయబోయేవాళ్లకు మొదట తట్టే ఉపాయం, ధ్వనిని దానిలోని కంపనాలుగా విడగొట్టి, అన్నిటికంటే బలమైనదాన్ని శ్రుతిగా ప్రకటించడం. వేణువుకు ఇది చాలావరకు సరిపోతుంది. తంబురాకు మాత్రం సా తీగ మీటితే తెర మీద పా అని పడవచ్చు. ‘ఆ’ అని నిండుగా పాడే గొంతుతోనూ ఇదే గొడవ. నోటి ఆకారం ఏ హార్మోనిక్‌ను పెంచితే సాధనం దాని వెంట పోతుంది.

చెవి అలా మోసపోదు. 207.65 అనే కంపనాన్ని ధ్వనిలోంచి పూర్తిగా తీసేసి 415.30, 622.95, 1038.25 మాత్రమే వినిపించినా మనకు తోచేది ఆ మధ్యస్థాయి సాయే. ఈ మూడూ కలిసి గీసే అల ఆకారం సెకనులో 207.65వ వంతుకు ఒకసారి మళ్లీ మొదటికి వస్తుంది కాబట్టి. శ్రుతి అంటే బలమైన కంపనం కాదు, ధ్వని తనను తాను ఎంతసేపటికి తిరిగి పలుకుతోందన్నది. ఆటోకోరిలేషన్ కొలిచేది నేరుగా ఆ వ్యవధినే.

ధ్వని అలను ఒక ట్రేసింగ్ కాగితం మీద గీసి, దాని నకలును దానిమీదే పెట్టారనుకోండి. నకలును కుడివైపు కొంచెం కొంచెంగా జరుపుతూ పోతే రెండు గీతలూ మొదట విడిపోతాయి, ఒక దూరానికి వచ్చాక మళ్లీ కలిసిపోతాయి. ఆ దూరమే ఒక ఆవృత్తి. కంప్యూటర్‌కు చూపు లేదు కనుక అది గుణిస్తుంది. జరిపిన ప్రతి దూరం దగ్గరా కింది అలలోని విలువను, దానిమీద పడ్డ నకలు విలువతో గుణించి అన్నిటినీ కూడుతుంది. శిఖరం మీద శిఖరం పడినా, లోయ మీద లోయ పడినా లబ్ధం ధనాత్మకమే. శిఖరం మీద లోయ పడితే రుణాత్మకం. కాబట్టి రెండు అలలూ కలిసిన చోట మొత్తం పెద్దదవుతుంది. భూమి పొరల్లో చమురు కోసం వెతికే సంకేతాల మీద ఏళ్లపాటు పనిచేసిన ఆండీ హిల్డెబ్రాండ్, ఆ రంగంలో వాడే ఈ లెక్కనే గొంతుకు అన్వయించి 1997లో ఆటో-ట్యూన్‌ను తెచ్చారు.

ఒక అమ్మాయి అయిదున్నర శ్రుతిలో సా పట్టి నిలిపిందనుకుందాం. మైకు సెకనుకు 44,100 సార్లు ధ్వనిని కొలుస్తోంది. అందులోంచి 2048 కొలతల ముక్క ఒకటి తీసుకుందాం, అంటే సెకనులో ఇరవయ్యో వంతు కంటే కాస్త తక్కువ. నకలును ఒక్కో కొలత చొప్పున జరుపుతూ, ప్రతి దూరానికీ పోలికను 1కి మించని అంకెగా లెక్కకట్టాం. 214 దగ్గర 0.9285, 215 దగ్గర 0.9300, 216 దగ్గర 0.9165 వచ్చాయి. శిఖరం 215. దానితో 44,100ను భాగిస్తే 205.12 హెర్ట్జ్.

ఇక్కడ ఆగకూడదు. అల కొలతల లెక్కకు కట్టుబడి తిరగదు, అసలు శిఖరం రెండు అంకెల మధ్య ఎక్కడో ఉంటుంది. 214 విలువ 216 విలువ కంటే ఎక్కువ ఉంది కాబట్టి శిఖరం 214 వైపు ఒరిగింది. ఈ మూడు బిందువుల గుండా ఒక పరావలయం గీస్తే దాని కొన 214.6 దగ్గర వస్తుంది. అప్పుడు శ్రుతి 205.50 హెర్ట్జ్. అది ఎంత తేడాయో సెంట్లలో చూద్దాం. పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరాన్ని వంద సెంట్లు అంటారు.

```
1200 * log2(205.50 / 207.65) ≈ -18
```

అమ్మాయి 18 సెంట్లు కిందికి పాడుతోంది. పరావలయం లేకుండా 21 అని చూపించేవాళ్లం. ఇక్కడ మూడు సెంట్లే తేడా కానీ, పై స్థాయికి పోయేకొద్దీ పొరపాటు పెరుగుతుంది. 880 హెర్ట్జ్ దగ్గర ఒక ఆవృత్తికి యాభై కొలతలే ఉంటాయి. అక్కడ 50కీ 51కీ మధ్య ఎడం 34 సెంట్లు. స్వరస్థానంలో మూడో వంతు చొప్పున గంతులేసే సాధనంతో ఎవరూ శ్రుతి చేసుకోలేరు.

పైథాన్‌లో మొత్తం పని ఇంతే:

```python
import numpy as np

def pitch(x, fs):
    x = x - x.mean()
    n = len(x)
    r = np.zeros(n // 2)
    for k in range(n // 2):
        a, b = x[:n-k], x[k:]
        r[k] = 2*(a @ b) / (a @ a + b @ b + 1e-12)
    k = int(np.argmax(r[:-1] < 0))
    if r[k] >= 0:
        return None
    best = r[k:-1].max()
    if best < 0.8:
        return None
    while r[k] < 0.9 * best:
        k += 1
    while k + 1 < len(r) - 1 and r[k+1] > r[k]:
        k += 1
    d = 0.5*(r[k-1] - r[k+1]) / (r[k-1] - 2*r[k] + r[k+1])
    return fs / (k + d)
```

ఇందులో రెండు చోట్ల కాస్త నిలబడాలి. మొదటిది భాగహారం. నకలును జరిపేకొద్దీ రెండు అలలు ఒకదానిమీద ఒకటి పడే భాగం తగ్గిపోతుంది, దాంతో మొత్తం కూడా తగ్గుతుంది. ఆ భాగంలో ఉన్న బలంతో భాగిస్తే దగ్గర పోలికనూ దూరపు పోలికనూ ఒకే కొలబద్ద మీద చూడవచ్చు. న్యూజీలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయానికి చెందిన ఫిలిప్ మెక్లౌడ్, జెఫ్ వైవిల్ 2005లో ప్రచురించిన పద్ధతిలో ఉన్నది ఇదే.

రెండోది 0.9. ఒక ఆవృత్తి తర్వాత కలిసిన అల రెండు, మూడు ఆవృత్తుల తర్వాత కూడా అంతే బాగా కలుస్తుంది. అన్నిటికంటే ఎత్తయిన శిఖరాన్నే తీసుకుంటే, ఏ కాస్త తేడా వచ్చినా 430 దగ్గరి శిఖరం గెలిచి, శ్రుతి ఒక స్థాయి కిందికి పడుతుంది. అందుకే అల మొదటిసారి రుణాత్మకంలోకి దిగిన తర్వాత, గరిష్ఠానికి తొంభై శాతం చేరిన మొట్టమొదటి శిఖరాన్నే తీసుకుంటాం. దీనికీ హద్దుంది. ధ్వనిలో సరిసంఖ్య హార్మోనిక్‌లే నిండి, బేసి హార్మోనిక్‌ల బలం మొత్తంలో అయిదు శాతం కంటే తక్కువైతే సగం దూరంలోని శిఖరం కూడా 0.9ని దాటుతుంది. అప్పుడు సాధనం ఒక స్థాయి పైకి ఎగురుతుంది. నిలకడగా పాడుతున్నప్పుడు తెర మీద అంకె ఒక్కసారిగా సరిగ్గా సగమో రెట్టింపో అయితే, తప్పు గొంతుది కాదు, ఈ శిఖరాల ఎంపికది. చివరి అయిదు ఫలితాల్లో మధ్యదాన్ని చూపితే ఇలాంటి గంతులు చాలావరకు పోతాయి.

0.8 కంటే తక్కువ పోలిక వస్తే ఏమీ చూపకపోవడం మంచిది. స, శ వంటి అక్షరాల ఊపిరి శబ్దంలో తిరిగివచ్చే ఆకారమే ఉండదు. దానికి ఏదో ఒక శ్రుతి అంటగడితే ముల్లు ఊరికే కొట్టుకుంటుంది.

నకలును ముక్కలో సగం దాకే, అంటే 1024 కొలతల దాకే జరుపుతున్నాం. కాబట్టి 43 హెర్ట్జ్ కంటే కింది ధ్వని ఈ సాధనానికి అందదు. ఒకటిన్నర శ్రుతికి కలిపిన మగవాళ్ల తంబురాలో మంద్ర సా సుమారు 69 హెర్ట్జ్, ఒక ఆవృత్తికి 636 కొలతలు. అది అందుతుంది. ఇంకా కిందికి పోవాలని ముక్కను పొడిగిస్తే గమకం పట్టు తప్పుతుంది. స్వరం ఊగుతున్నప్పుడు ఆవృత్తి నిడివి ముక్క లోపలే మారిపోయి, ఏ దూరం దగ్గరా అల పూర్తిగా కలవదు. తోడి రాగంలో గాంధారం పాడుతూ ఈ ముల్లును చూసేవాళ్లకు దక్కేది తికమకే. నిలిపిన స్వరానికే దీన్ని వాడాలి.

వెనక తంబురా మోగుతుండగా గొంతును కొలవడం కూడా పనికిరాదు. సా, పా కలిసి మోగితే పా మూడు ఆవృత్తులు తిరిగేసరికి సా రెండు తిరుగుతుంది. రెండూ ఒకేసారి మొదటికి వచ్చేది సా ఆవృత్తికి రెట్టింపు వ్యవధిలో. సాధనం కూడా ఆ వ్యవధినే పట్టుకుని, ఎవరూ పాడని మంద్ర సాను చూపిస్తుంది. దాని లెక్క ప్రకారం అది సరైన జవాబే. ఒక్క నాదానికి చేసిన సాధనాన్ని రెండు నాదాల దగ్గర పెట్టడమే పొరపాటు. ఇయర్‌ఫోన్‌లో శ్రుతి వింటూ పాడితే మైకుకు గొంతు ఒక్కటే చేరుతుంది.

శ్రుతి దొరికాక దాన్ని దేనితో పోల్చాలన్నది మిగిలింది. చాలా ట్యూనర్లు పియానో మెట్లతో పోలుస్తాయి. ఆధార షడ్జానికి అది చాలు, ఎందుకంటే మన అయిదున్నర, ఆరు శ్రుతులు ఆ మెట్ల మీదే ఉన్నాయి. పంచమం తీగకూ పెద్ద ఇబ్బంది లేదు, తేడా రెండు సెంట్లే. తంబురాలో తానుగా పలికే గాంధారం మాత్రం 1038.25 హెర్ట్జ్ కాగా, పియానో మెట్టు 1046.50. చెవికి ఇంపుగా ఆ గాంధారంతో కలిసేలా అంతర గాంధారం పట్టిన గాయనిని అలాంటి సాధనం ‘14 సెంట్లు తక్కువ’ అంటుంది. పాడే పిల్లల చేతికి ఇచ్చే ట్యూనర్‌లో ముందుగా పాడేవాళ్ల సానే కొలిచి దాచుకోవాలి, మిగతా స్వరాలను దానితో నిష్పత్తిగా లెక్కకట్టాలి. పంచమానికి 3/2, అంతర గాంధారానికి 5/4. కోడ్‌లో దీనికి అదనంగా పట్టేది రెండు మూడు వరుసలే.