‘బండి లేటు’ కబురుతో కొనుగోలుదారుకు ఒరిగేదేమిటి?

హుకుంపేట: మన్యం నుంచి పసుపు, మిరియాలు దిగే వానాకాలంలో ట్రాన్స్‌పోర్టు గుమాస్తా ఫోనులో కొట్టే కబురు తరచు ఇంతే: “ఘాట్ బ్లాక్. బండి లేటు. రేపు.” సరుకు పంపిన వర్తకుడు దానినే యథాతథంగా కొన్నవారికి పంపుతుంటాడు. చిక్కు అక్కడే వస్తుంది. రేపు బండి కదులుతుందా, చేరుతుందా అన్నది అందులో లేదు.

ఉదాహరణకు 60 కిలోల బస్తాలు 100, అంటే 60 క్వింటాళ్ల కొమ్ము పసుపు, సోమవారం సాయంత్రం ఇక్కడ లోడై దుగ్గిరాల బయలుదేరిందనుకుందాం. మంగళవారం ఉదయం దిగాలి. రాత్రి 8 గంటలకు పాడేరు దిగువన కొండచరియ పడి లారీ పాడేరులో నిలిచింది. మర్నాడు మధ్యాహ్నానికి దారి తెరుస్తారని గుమాస్తా అంచనా. అక్కడి నుంచి దుగ్గిరాలకు లోడు బండికి సుమారు 12 గంటలు. చేరేసరికి అర్ధరాత్రి. హమాలీలు దొరికేది తెల్లవారాకనే. కనుక గుమాస్తా ‘రేపు’ కొనుగోలుదారుకు బుధవారం ఉదయం అవుతుంది!

కబురు తిరగరాసే ముందు గుమాస్తాను అడగవలసినవి మూడే. బండి ఏ ఊళ్లో ఉంది, దారి తెరుస్తారన్న మాట ఎవరిది, టార్పాలిన్ కింద బస్తాలు చూశారా. తడి తగిలిన పసుపు బూజు పడుతుంది కనుక మూడోదానిని వదలరాదు. చూడకపోతే చూడలేదనే రాయాలి. ‘సరుకు క్షేమం’ అని ఊహించి రాస్తే, దిగుమతినాడు తడి బస్తా కనబడినప్పుడు తగవు పంపినవారి మెడకే చుట్టుకుంటుంది.

అప్పుడు కబురు ఇలా ఉండవచ్చు:

“మీ 100 బస్తాల పసుపు పాడేరులో నిలిచింది. కారణం, ఘాటులో కొండచరియ. మంగళవారం మధ్యాహ్నం దారి తెరుస్తారని డ్రైవరుకు అక్కడి రోడ్డు సిబ్బంది చెప్పారు. తెరిస్తే బుధవారం ఉదయం దిగుమతి. బస్తాలు ఇంకా విప్పి చూడలేదు. ఈ-వే బిల్లు గడువు గురువారం అర్ధరాత్రి వరకు ఉంది. మంగళవారం సాయంత్రం 4 గంటలకు మళ్లీ తెలుపుతాం.”

బిల్లు మాట అదనం కాదు. 200 కిలోమీటర్లకు ఒక రోజు లెక్కన, 400 పైచిలుకు దూరానికి మూడు రోజులు గడువు. సోమవారం తీసిన బిల్లు గురువారం అర్ధరాత్రితో ముగుస్తుంది. ఆలస్యం అంతకు మించేలా ఉంటే, గడువు తీరడానికి 8 గంటల ముందు నుంచి తీరిన 8 గంటల లోపు పొడిగించుకోవాలి.

సాయంత్రానికీ దారి తెరవకుంటే లారీ వెనక్కి, హుకుంపేట మీదుగానే, అరకు, అనంతగిరి ఘాటు, శృంగవరపుకోట దారి పట్టాలి. ఆ అదనపు కిరాయి ఎవరిదో 4 గంటల కబురులోనే తేల్చుకోవడం ఉభయులకూ మేలు. బండి కదిలాక బేరమాడితే ఎవరూ ఒప్పుకోరు.

ఈ కబురు సోమవారం రాత్రే అందితే దుగ్గిరాల వర్తకుడు మంగళవారం హమాలీలను మాన్పించగలడు. మిల్లుకు మాట ఇచ్చి ఉంటే యార్డులో ఆ మేరకు సరుకు కొనుక్కోగలడు. మంగళవారం మధ్యాహ్నం అందితే ఆ రెండూ చేజారినట్టే.