నవలలోని సంభాషణము: పలుకుచున్నది పాత్రమా, గ్రంథకర్తయా?

మా పైతరగతుల విద్యార్థులు తాము చదివిన నవలలనుగూర్చి వ్రాయు వ్యాసములను మేము దిద్దునప్పుడు, “ఇందలి సంభాషణములు మిక్కిలి సహజముగా నున్నవి” యను వాక్యము తరచుగా కనబడుచుండును. ఎందుచేత సహజమని యడిగినచో ప్రత్యుత్తరము దొరకదు. కొందరు “వాడుకభాషలో నున్నవి కనుక” నందురు. అది చాలదు. వాడుకభాషలో నుండియు నిర్జీవమైన సంభాషణ ముండవచ్చును. గ్రాంథికములో నుండియు సజీవమైన దుండవచ్చును. విచారింపవలసిన ప్రశ్న వేఱు. ఈ మాటలవలన పలికినవాని స్వభావము మనకు తెలియుచున్నదా? లేక గ్రంథకర్త తాను చెప్పవలసిన సంగతులను పాత్రముల నోట పెట్టి మనకు చేరవేయుచున్నాడా? ఈ భేదమును కనిపెట్టు మార్గమును కొంత వివరింప దలచితిమి.

మొదట మేమే కల్పించిన చిన్న యుదాహరణమును చూడుడు. ఒక పల్లెలో భార్యాభర్తలు కొడుకు చదువునకై తమ పాడియావు నమ్మిరి. ఈ సంగతిని ఒక రచయిత యిట్లు వ్రాసెననుకొనుడు.

“మన పెద్దవాడు వెంకటేశం బందరులో చదువుకుంటున్నాడు గదా. వాడి జీతం కట్టడానికి మన నల్లావును మొన్న ఆదివారం సంతలో అమ్మేశాం గదా.”

“అవునండీ. ఆ ఆవును నాకు మా నాయన పెళ్లిలో ఇచ్చాడు గదా.”

ఇందు వాడుకభాషకు లోపములేదు. అయినను భార్యకు తెలిసినదానిని భర్తయు, భర్తకు తెలిసినదానిని భార్యయు చెప్పుకొనుచున్నారు. “గదా” యను పదము మాటిమాటికి వచ్చుటయే దానికి సాక్ష్యము. వినువానికి తెలిసిన సంగతిని ఊరక జ్ఞప్తిచేయునప్పుడే మన మా పదమును వాడుదుము. ఇచట నిజముగా వినువారు భార్యయు గాదు, భర్తయు గాదు. పుస్తకము చేతబట్టిన మనమే. ఇదే సంగతి నింకొక విధముగా వ్రాయవచ్చును.

“కొట్టంలో దీపం ఎందుకే యింకా?”

“చేతి కలవాటు.”

“అబ్బాయి ఉత్తరం రాశాడు. జీతం కట్టేశాట్ట.”

“మంచిది. ఆ పలుపుతాడు మాత్రం ఎవరికీ ఇవ్వకండి. మా నాయన పేనింది.”

ఆవు పోయిన దని యెవరును చెప్పలేదు. అయినను మనకు తెలిసినది. అది యామె పుట్టినింటినుండి వచ్చినదని యించుమించుగా తెలిసినది. అంతకన్న ముఖ్యముగా, ఆమె తన దుఃఖమును మాటలలో పెట్టు స్వభావము గలది కాదనియు, భర్త దానిని గ్రహించి కొడుకు ఉత్తరముతో నోదార్పజూచెననియు, ఆమె యాతని నిందింపక తాటిని మాత్రము దాచుకొన్నదనియు తెలిసినది. సంత యేనాడు జరిగినదో, కొడుకు పేరేమో యిందులో రాలేదు. అవి కావలసినయెడల రచయిత తన మాటలలో నొక్క వాక్యమున చెప్పవచ్చును.

ఈ రెండు రచనలను పోల్చినచో మనకు మూడు పరీక్షలు లభించును. మొదటిది: వినువానికి ఈ సంగతి యింతకుముందే తెలియునా? తెలిసియుండగా పలికినవాడు మరల నెందుకు చెప్పుచున్నాడు? రెండవది: ఈ మాటలను వేఱొకరి నోట పెట్టిన నతుకునా? పై మొదటి రచనలో భార్య మాటను భర్తకును, భర్త మాటను భార్యకును మార్చి, “మా నాయన” యనుచోట “మీ నాయన” యని దిద్దినచో నేమియు చెడదు. రెండవదానిలో తాటి మాట నామె తప్ప నింకెవరును పలుకజాలరు. మూడవది: సంభాషణమును తీసివేసి దాని సారము నొక వాక్యముగా చెప్పినచో నేమి నష్టపడుదుము? ఏమియు నష్టము లేనియెడల నా సంభాషణము వార్తాహరుడే గాని వేఱుగాదు.

ఇక నొక ప్రసిద్ధ నవలలో నీ పరీక్షలను ప్రయోగించి చూతము. జేన్ ఆస్టెన్ అను ఆంగ్ల రచయిత్రి “ప్రైడ్ అండ్ ప్రెజుడిస్” అను నవలను 1813వ సంవత్సరమున ప్రకటించెను. అందలి మొదటి యధ్యాయము బహు చిన్నది. రెండు మూడు పేరాలు తప్ప తక్కినదంతయు బెన్నెట్ దొరకును ఆయన భార్యకును జరిగిన సంభాషణమే. దానివలన మనకు చేరు వార్త లివి: సమీపమున నున్న నెదర్‌ఫీల్డు అను పెద్ద భవనమును బింగ్లీ యను ధనికుడైన యువకుడు అద్దెకు తీసికొనెను, అతనికి సంవత్సరమునకు నాలుగైదువేల పౌనుల రాబడి, అతడు అవివాహితుడు, ఈ దంపతులకు పెండ్లికావలసిన కుమార్తెలు కలరు. ఇన్ని వార్తలు కొలది పుటలలో వచ్చినను చదువరికి వార్తలు వినుచున్నట్లు తోచదు. దానికి కారణ మేమి?

ఈ వార్త భర్తకు క్రొత్తదని భార్య నమ్ముచున్నది; కనుక చెప్పుటకు కారణము కలదు. చెప్పవలెనను ఆత్రమును ఆమెకు మెండు. ఆయన మొదట ప్రత్యుత్తరమే యీయడు. పిమ్మట, చెప్పవలెనని నీకున్నది, వినుటకు నాకు అభ్యంతరము లేదను భావము వచ్చునట్లు పలుకును. ఈ చిన్న మాటతోనే యాయన యెట్టివాడో తెలియును. ఆమె పెండ్లిండ్లనుగూర్చి యాలోచించుచుండగా, ఆ యువకు డిచటికి వచ్చినది ఆ యుద్దేశముతోనేనా యని యేమియు నెఱుగనివానివలె నడుగును. ఆమెకు కావలసిన దొక్కటే: భర్త బింగ్లీని ముందుగా దర్శింపవలెను. ఆ కాలపు మర్యాద ననుసరించి గృహయజమానుడు పోయి పరిచయము చేసికొనకున్న స్త్రీలు పోవుటకు వీలులేదు. ఆయన పోనని చెప్పును. ఆమె వాదమున నోడిపోవునపుడు తన నరముల బలహీనతను ముందుకు తెచ్చును. ఆయన ఆ నరములు తనకు చిరకాలమిత్రులని పరిహాసమాడును. ఇచట మాటలను మార్చి చూడుడు. దొర మాట దొరసానికిగాని, దొరసాని మాట దొరకుగాని యెంతమాత్రము నతుకదు.

ఒక విశేషమును గమనింపవలెను. రెండవ యధ్యాయమున బెన్నెట్ దొర బింగ్లీని మొట్టమొదట దర్శించినవారిలో నొకడని మనకు తెలియును. పోవలెనను సంకల్ప మాయనకు మొదటినుండియు కలదు. భార్యను ఏడ్పించుటకే పోనని చెప్పెను. ఇది తెలిసినపిదప మొదటి యధ్యాయమును మరల చదివినచో మాటలు మారవు గాని యర్థము మారును. వార్త నందించు సంభాషణమును రెండవమారు చదువ బనిలేదు. స్వభావమును తెలుపునది మరల చదువునపుడు మఱికొంత చెప్పును.

అట్లయిన నీ రచయిత్రి యెండు సంగతుల నెచ్చట పెట్టెను? బెన్నెట్ దొరకు పుత్రసంతానము లేనందున ఆయన యాస్తి దూరపు బంధువునకు సంక్రమించును. కుమార్తెల వివాహమునకు తల్లి యింత తొందరపడుటకు మూల మిదియే. ఈ సంగతిని దొరసాని చేత మొదటి యధ్యాయముననే చెప్పించుట సులభము. కాని భార్యాభర్త లిద్దరికి నిరువది సంవత్సరములుగా తెలిసిన విషయ మది. ఆస్టెన్ దానిని అచట చెప్పింపక, ఏడవ యధ్యాయారంభమున తన మాటలతో క్లుప్తముగా చెప్పివేసెను. పదుమూడవ యధ్యాయమున ఆ బంధువునుండి ఉత్తరము వచ్చినపుడు కుమార్తెలు తల్లికి ఈ వారసత్వనియమమును బోధింప యత్నింతురు; ఆమెకు తల కెక్కదు. అప్పటికి ఆ నియమము చదువరికి తెలిసియేయున్నది. కనుక ఆ ఘట్టము సంగతిని తెలుపుటకు గాదు, తల్లి స్వభావమును తెలుపుటకే వచ్చినది. ఒకే విషయము ఒకచోట కథకురాలి వాక్యముగాను, ఇంకొకచోట పాత్రస్వభావముగాను ఎట్లు వినియోగపడెనో చూడుడు.

ఇచట నొక పొరపాటునకు లోనుగాకుండ జాగ్రత్తపడవలెను. పాత్రమునకొక ఊతపదమో, నత్తియో, ఒక ప్రాంతపు యాసయో తగిలించినంత మాత్రమున స్వభావము వెల్లడియైనదని తలపరాదు. అవి పాత్రమును గుర్తుపట్టుటకు తలపాగవంటివి. తలపాగ తీసి మరియొకనికి పెట్టవచ్చును. దొరసాని నరముల ప్రస్తావన యట్టిది గాదు. ఆమె దాని నెపుడు వాడునో చూడుడు: ఓడిపోవుచున్నపుడు. ఊతపదమునకు పనియున్నయెడల నది స్వభావము, లేనియెడల అలంకారము.

సంగతిని మాత్రమే చెప్పు సంభాషణ మెల్లప్పుడును దోషమే యనియు మేము చెప్పము. రైలు మూడుగంటలు ఆలస్యమని స్టేషనుమాస్టరు చెప్పినచో, అతని యంతరంగమును వెదకవలసిన పనిలేదు. వినువానికి తెలియదు, తెలిసికొనవలసి యున్నది, అంతటితో సరి. ప్రతి మాటయందును స్వభావమును కుక్కిన రచన చదువరిని అలయించును.

తుదకు, ఈ పరీక్షలను తొందరపడి ప్రయోగించి మేము చేసిన తప్పొకటి చెప్పి ముగింతుము. కొన్ని యేండ్లక్రిందట ఒక బాలుడు వ్రాసిన కథలో అవ్వ తన మనుమనికి, ఇంటివెనుక బావిని తాత యెట్లు త్రవ్వించెనో చెప్పును. ఆ బావి సంగతి మనుమనికి తెలియునని అంతకు ముందరి పుటలోనే కలదు. మేము ఎఱ్ఱసిరాతో ఆ భాగమంతయు కొట్టివేసి, “వినువానికి తెలిసినదే, అనవసరము” అని ప్రక్కన వ్రాసితిమి. మరునాడు ఆ బాలుడు మాయొద్దకు వచ్చి, “మాస్టరుగారూ, మా అవ్వ రోజూ ఇదే చెబుతుందండీ. చెప్పానన్న సంగతి మరిచిపోతుందండీ” అని తలవంచుకొని నిలిచెను.

మేము కొంతసేపు మాటాడలేకపోతిమి. పరీక్షలోని మొదటి ప్రశ్నను వేసి, రెండవదానిని, అనగా తెలిసియుండగా ఎందుకు చెప్పుచున్నదను ప్రశ్నను, వేయ మరచితిమి. ఆ ప్రశ్నకే ఆ కథయంతయు ప్రత్యుత్తరము. అయితే బాలుని రచనయందును లోప మొకటి కలదు. అవ్వ చెప్పుచుండగా మనుమ డేమి చేసెనో అతడు వ్రాయలేదు. అందుచేత చదువరికి అది ఉత్త సమాచారమువలె తోచినది. ఆ మాటయే చెప్పి, పుస్తకమును తిరిగి యిచ్చితిమి. అతడు రెండు పంక్తులు మాత్రము చేర్చి తెచ్చెను. అవ్వ చెప్పుట ముగించగానే మనుమడు, “అట్లాగా అవ్వా? ఎన్ని బారల లోతు?” అని అడుగును. ఆ లోతు అతనికి తెలియును. అవ్వ సంతోషముతో చెప్పును.

మా యెఱ్ఱగీతను మేమే కొట్టివేసితిమి.